వేలు నీదే కదా అంటే సరిపోదు

ఖాతాలో డబ్బు మాయమైందని బ్యాంకుకి వెళ్ళిన పల్లెటూరి మనిషికి కౌంటరు అవతలి నుంచి ఒక మాట వినిపిస్తుంది. "వేలిముద్ర పడితేనే డబ్బు వస్తుందమ్మా. వేలు నీదే కదా!" అంతే. ఫిర్యాదు అక్కడితో ఆగిపోతుంది. పోగొట్టుకున్న మనిషే దోషి అయిపోతుంది. ఈ మాట తప్పు. మెషిన్ మీద ముద్ర పడిందంటే అక్కడికి వేలు వచ్చిందని అర్థం కాదు. ఈ సంగతి పరిశోధకులకు 2002లోనే తెలుసు. మన తెలంగాణలో పోలీసు కేసుగా 2018లోనే బయటపడింది. అయినా ఆ కౌంటర్లో ఈ మాట ఇంకా నిబ్బరంగా చెబుతూనే ఉన్నారు.

మా పెద్దమ్మకి డెబ్బై ఏళ్ళు దాటాయి. మోకాలి ఆపరేషన్ కోసం అరవై సెంట్ల మెట్ట అమ్మింది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళి, అందరిలాగే ఫొటో దిగి, వేలిముద్ర వేసి వచ్చింది. తర్వాత కొన్నాళ్ళకి పాస్‌బుక్ ప్రింటు వేయిస్తే వరసగా మూడు పద్దులు కనిపించాయి. పది వేలు, మళ్ళీ పది వేలు, ఆ తర్వాత ఆరు వేల అయిదు వందలు. మూడింటి పక్కనా ఏఈపీఎస్ అని ఉంది. ఆ తారీఖుల్లో ఆవిడ కట్టుతో కూతురింట్లో మంచం మీద ఉంది. ఆ మాట చెబితే బ్యాంకులో ఆయన కంప్యూటర్లోంచి తల కూడా ఎత్తకుండా, "మీ ఇంట్లో వాళ్ళెవరో మీ చేత వేలు వేయించి ఉంటారు, కనుక్కోండి" అన్నాడు. ఇంట్లో ఫోన్లూ యాప్‌లూ తెలిసినవాడు కాలేజీలో చదువుకునే మనవడొక్కడే. ఆ మాట బ్యాంకులోంచి ఇంటికొచ్చింది, వీధిలోకి వెళ్ళింది. వాడు ఆ తర్వాత చాలా కాలం నాయనమ్మ గడప తొక్కలేదు. డబ్బు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు. అయినవాళ్ళ మధ్య పెట్టిన ఈ చిచ్చుకి ఆ ఉద్యోగి ఏం సమాధానం చెబుతాడు?

అసలు జరిగేది ఏమిటో చూడండి. ఏఈపీఎస్ అంటే ఆధార్‌తో నడిచే చెల్లింపుల పద్ధతి. ఊళ్ళో కిరాణా కొట్టులోనో, బ్యాంకు మిత్ర దగ్గరో ఉండే చిన్న మెషిన్ మీద వేలు పెడితే ఖాతాలోంచి ఒక్కో విడతకి పది వేల దాకా తీసుకోవచ్చు. దానికి కావలసినవి మూడే: ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర. కార్డు అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు, ఓటీపీ రాదు. ఏటీఎం దాకా వెళ్ళలేని ముసలివాళ్ళకి, పిన్ గుర్తుంచుకోలేని వాళ్ళకి ఇది నిజంగా మేలు చేసిన పద్ధతి. దాన్ని తప్పు పట్టడం లేదు. కానీ ఆ మూడింటిలో రెండు ఒకే కాగితం మీద దొరికితే ఏమవుతుందని ఎవరూ ఆలోచించలేదు.

ఆ కాగితం పేరు సేల్ డీడ్. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టానికి 2001లో చేర్చిన 32ఏ సెక్షన్ ప్రకారం భూమి అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ దస్తావేజు మీద ఫొటో అంటించి వేలిముద్ర వేయాలి. దొంగ సంతకాలతో జరిగే రిజిస్ట్రేషన్లు ఆపడానికి తెచ్చిన మంచి నిబంధనే అది. తర్వాతి కాలంలో ఆ దస్తావేజుల్లోకి ఆధార్ నంబరు కూడా వచ్చి చేరింది. ఇక రిజిస్టరైన దస్తావేజు దాచుకునే కాగితం కాదు. ఫీజు కడితే ఎవరికైనా నకలు ఇవ్వాలని అదే చట్టం చెబుతుంది, ఎందుకంటే కొనబోయేవాడు పాత లావాదేవీలు చూసుకోవాలి కదా. కాగితాల రోజుల్లో ఆ నకలు కోసం ఆఫీసు చుట్టూ తిరగాల్సి వచ్చేది. అవన్నీ స్కాన్ చేసి వెబ్‌సైట్లలో పెట్టాక ఇంట్లో కూర్చుని దించుకునే వీలు కలిగింది. వేలిముద్ర నల్లటి సిరాతో, గీతలన్నీ స్పష్టంగా, అందులోనే ఉంది.

2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒకతన్ని పోలీసులు పట్టుకున్నారు. అతను చేసింది బ్యాంకు దోపిడీ కాదు. సిమ్ముల అమ్మకాల టార్గెట్ అందుకోవాలి, దానికి ఆధార్ వేలిముద్రతో ఈ-కేవైసీ కావాలి. మనుషులు లేరు. అందుకని రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి దస్తావేజులు దించుకుని, వాటిలో ఉన్న ముద్రల్ని రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలోనే అచ్చు తీసి, మెషిన్ మీద నొక్కాడు. మెషిన్ సరే అంది. ఒకసారి కాదు, వేలసార్లు సరే అంది. ఆ ముద్రల సొంతదారులకి తమ పేరు మీద సిమ్ పుట్టిందని తెలియదు. ఊరి బజారులో దొరికే సామానుతో ఒక కుర్రాడు చేయగలిగిన పని అది. అదే రబ్బరు ముక్క, అదే ఆధార్ నంబరు, దానికి బ్యాంకు పేరు తోడైతే ఖాతా ఖాళీ చేయొచ్చని ఊహించడానికి పెద్ద చదువు కావాలా? ఆ తర్వాతి సంవత్సరాల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ, బయటా పోలీసులు పట్టుకున్న ఏఈపీఎస్ ముఠాల్లో కొన్ని సరిగ్గా ఆ దారిలోనే నడిచాయి.

ఇలాంటివి జరిగినప్పుడల్లా ఉడాయ్ నుంచి వచ్చే సమాధానం ఒకటుంది: మా కేంద్ర భాండాగారం నుంచి ఏమీ లీక్ కాలేదు, అక్కడి సమాచారం భద్రంగా ఉంది. ఈ కేసుల వరకూ అది నిజమే. అక్కణ్ణుంచి ఎవరూ దొంగిలించలేదు. దొంగిలించాల్సిన అవసరమే పడలేదు! ముద్ర బయట దొరుకుతున్నప్పుడు లోపలి గోడ ఎంత ఎత్తున కడితే మాత్రం మా పెద్దమ్మకి ఒరిగేదేమిటి?

మెషిన్ ఎందుకు మోసపోయిందో తెలియాలంటే అది మన వేలిని ఎలా గుర్తు పెట్టుకుంటుందో తెలియాలి. వేలి మీద గీతలు చూడండి. కొన్ని గీతలు నడుస్తూ నడుస్తూ ఒకచోట ఆగిపోతాయి. కొన్ని రెండుగా చీలిపోతాయి. ఈ ఆగే చోట్లూ చీలే చోట్లే మనిషికీ మనిషికీ తేడా చూపించే ఆనవాళ్ళు. స్కానర్ ముందు వేలి బొమ్మ తీస్తుంది. సాఫ్ట్‌వేర్ అందులోంచి ఈ ఆనవాళ్ళని ఏరుతుంది. ఒక్కోదానికీ నాలుగైదు సంగతులు రాసుకుంటుంది: అడ్డంగా ఎంత దూరంలో ఉంది, నిలువుగా ఎంత దూరంలో ఉంది, గీత ఏ వాలులో ఉంది, ఆగిందా చీలిందా, బొమ్మ అక్కడ ఎంత స్పష్టంగా ఉంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఒక్కో ఆనవాలుకి 6 బైట్లు పడతాయి. నలభై ఆనవాళ్ళు దొరికితే 240 బైట్లు. రెండు ఎస్సెమ్మెస్‌లలో పట్టేంత. ఈ చిట్టానే టెంప్లేట్ అంటారు. లాగిన్ అయిన ప్రతిసారీ కొత్తగా తీసిన చిట్టాని పాత చిట్టాతో పోల్చి, తగినన్ని ఆనవాళ్ళు కలిస్తే తలుపు తెరుస్తారు.

"మేం వేలిముద్ర బొమ్మ దాచుకోం, అంకెలే దాచుకుంటాం, వాటితో ఎవడూ ఏమీ చేయలేడు" అని ఆఫీసు హాజరు మెషిన్లు అమ్మేవాళ్ళు ధీమాగా చెబుతారు. కొనే మేనేజర్లు తల ఊపుతారు. ఇది పాతబడిన అబద్ధం. 2007లో ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ ప్రమాణం ప్రకారం రాసిన చిట్టా ఒక్కటే చేతిలో పెట్టుకుని, అంకెల నుంచి వెనక్కి నడిచి, వేలిముద్ర బొమ్మని తిరిగి గీసి చూపించారు. అచ్చంగా అసలు ముద్రలా ఉండదు. కానీ ఆనవాళ్ళు అవే చోట్ల ఉంటాయి, మెషిన్ చూసేది వాటినే. టెంప్లేట్ లీకైతే వేలిముద్ర లీకైనట్టే లెక్క.

పాస్‌వర్డుల్లా దీన్ని కూడా తిరగదోడలేని రూపంలోకి మార్చి దాచొచ్చు కదా అని అడగొచ్చు. మంచి సైట్లు పాస్‌వర్డుని ఉన్నదున్నట్టు దాచవు. హ్యాష్ అనే గణితంతో దాన్ని వేరే అంకెల వరసగా మార్చి దాస్తాయి. మీరు మళ్ళీ అదే పాస్‌వర్డు కొడితే మళ్ళీ అదే వరస వస్తుంది. ఒక్క అక్షరం తేడా పడినా వరస పూర్తిగా మారిపోతుంది. వేలితో ఇది కుదరదు. మీరు నిన్న పెట్టిన వేలూ ఇవాళ పెట్టిన వేలూ ఒకేలా పడవు. కాస్త పక్కకి ఒరుగుతుంది, కాస్త గట్టిగా నొక్కుతారు, చెమట ఉంటుంది, దుమ్ము ఉంటుంది. రెండు చిట్టాలూ దగ్గరగా ఉంటాయి గానీ ఒకటే కావు. హ్యాష్ చేస్తే రెండూ ఆకాశానికీ భూమికీ ఉన్నంత దూరం పోతాయి. అందుకని మామూలు పద్ధతుల్లో టెంప్లేట్‌కి తాళం వేసి దాచినా పోల్చే క్షణంలో ఆ తాళం తీయాల్సిందే. టెంప్లేట్‌నే ముందుగా ఒక సూత్రంతో వంకర చేసి దాచి, లీకైతే ఆ సూత్రం మార్చుకునే ఆలోచన 2001 నుంచీ పరిశోధనల్లో ఉంది. అది కూడా ఆ చిట్టా ఒక్కదాన్నే కాపాడుతుంది. సేల్ డీడ్ మీద సిరాతో పడ్డ ముద్రని ఏ గణితమూ వంకర చేయలేదు.

ఇక్కడే గుండె మండేది. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం. కార్డు పోతే బ్లాక్ చేయించి కొత్తది తెచ్చుకుంటాం. వేలిముద్ర తల్లి కడుపులో ఉండగానే ఏర్పడుతుంది, చితి దాకా అదే. 2015లో అమెరికా ప్రభుత్వ సిబ్బంది వ్యవహారాల కార్యాలయం నుంచి 56 లక్షల మంది వేలిముద్రలు దొంగల పాలయ్యాయి. అంత సంపన్న ప్రభుత్వం కూడా వాళ్ళకి కొత్త వేళ్ళు ఇవ్వలేకపోయింది. మనకైతే ఇంకో చిక్కు. దస్తావేజు మీద పడింది బొటనవేలే కదా, దాన్ని మానేసి చూపుడువేలు వాడదామనుకుంటే కుదరదు. ఆధార్‌లో పది వేళ్ళూ నమోదై ఉంటాయి. ఏ వేలు పెట్టినా చెల్లుతుంది. మీరు వాడడం మానేసిన వేలిని దొంగ వాడతాడు.

ఫోన్‌లో వేలితో లాగిన్ అయ్యేవాళ్ళు కంగారు పడనక్కర్లేదు, అక్కడి కథ వేరు. మంచి ఫోన్లలో టెంప్లేట్ ఫోన్‌లోని ప్రత్యేకమైన భద్ర భాగంలోనే ఉంటుంది, పోల్చడమూ అక్కడే జరుగుతుంది. బ్యాంకు యాప్‌కి అందేది "అవును, కలిసింది" అన్న జవాబూ, ఆ ఫోన్‌కే సొంతమైన రహస్య తాళంచెవి సంతకమూ. దొంగకి మీ ముద్ర నమూనా దొరికినా మీ ఫోన్ కూడా చేతికి రావాలి. ఏఈపీఎస్‌లో దేశంలో ఏ మూల ఉన్న మెషిన్ అయినా చాలు.

మరి మెషిన్ రబ్బరునీ చర్మాన్నీ వేరు చేయలేదా? చేయగలదు. ప్రాణమున్న వేలేనా అని చూసే ఆ పరీక్షని లైవ్‌నెస్ చెక్ అంటారు. చర్మానికి చెమట రంధ్రాలుంటాయి, వాటి నుంచి తేమ గీత పొడవునా పాకుతుంది. రబ్బరుకి అది లేదు. చర్మంలోంచి విద్యుత్తు ప్రవహించే తీరు వేరు. వేర్వేరు రంగుల కాంతి వేస్తే అది చర్మం కిందికి దిగి, నెత్తురు తగిలి తిరిగొచ్చే తీరు వేరు. వేలు నొక్కితే మెత్తగా సాగుతుంది, ఒత్తిన చోట తెల్లబడుతుంది. వీటిలో కొన్నిటిని సెన్సరే కొలవగలదు, కొన్నిటిని బొమ్మ చూసి సాఫ్ట్‌వేర్ పసిగట్టగలదు.

దీని అవసరం ఎప్పుడు తెలిసిందనుకున్నారు? 2002లో జపాన్‌లోని యొకొహామా జాతీయ విశ్వవిద్యాలయంలో త్సుతొము మత్సుమొతో, ఆయన సహచరులు మిఠాయిల్లో వాడే జెలటిన్‌తో వేళ్ళు పోతపోసి 11 స్కానర్ల మీద పెట్టి చూశారు. అవి చాలావరకు మోసపోయాయి. గాజు మీద మిగిలిన ముద్ర నుంచి కూడా వేలు చేయొచ్చని ఆనాడే చూపించారు. అంత తెలిసి కూడా మనం ఒక దేశపు పేదల ఖాతాలన్నిటినీ వేలి కొస మీద పెట్టాం.

పెద్దపల్లి కేసు 2018. ఉడాయ్ వేలిముద్రల పరిశీలనలో ప్రాణపరీక్షని చేర్చినట్టు ప్రకటించింది 2023 ఫిబ్రవరిలో. ఆ మార్పులోని కీలకం చిన్నదే. అంతకుముందు మామూలుగా స్కానర్ నుంచి సర్వర్‌కి ఆనవాళ్ళ చిట్టా వెళ్ళేది. చిట్టాలో అంకెలే ఉంటాయి, రబ్బరు మీదున్న ఆనవాళ్ళ అంకెలూ చర్మం మీదున్న వాటి అంకెలూ ఒకటే. ఇక సర్వర్ ఏం చూసి దొంగని పట్టాలి? కొత్త పద్ధతిలో చిట్టాతో పాటు ముద్ర బొమ్మ కూడా వెళుతుంది. ఆ బొమ్మలో గీతల అంచులు, రంధ్రాలు, తేమ ఎలా ఉన్నాయో చూసి ఇది పోతపోసిందా కాదా అని సాఫ్ట్‌వేర్ తేలుస్తుంది. స్కానర్లు కూడా మార్చారు. పాత రకంలో ముద్ర పక్కనున్న ఫోన్‌లోకో కంప్యూటర్‌లోకో వచ్చాకే దానికి తాళం పడేది, మధ్యలో వేరే ముద్రని చొప్పించే సందు ఉండేది. ఎల్1 అనే కొత్త రకంలో తాళం స్కానర్ లోపలే పడుతుంది. మంచి పనులే. అయిదేళ్ళు ఎందుకు పట్టిందని మాత్రం అడగాలి. ఆ అయిదేళ్ళలో ఖాతాలు పోగొట్టుకున్న వాళ్ళని ఎవరు తిరిగి పిలిచి, "అమ్మా, నువ్వు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు" అన్నారు?

ఈ పరీక్ష వచ్చింది కాబట్టి ఇక భయం లేదనుకోవడమూ తప్పే. సాఫ్ట్‌వేర్ తనకి నేర్పిన జిగురునీ, రబ్బరునీ బాగా పడుతుంది. ఎన్నడూ చూడని పదార్థం వస్తే తడబడుతుంది. గట్టిగా బిగిస్తే ఇంకో బాధ. నాట్లు వేసి, కలుపు తీసి, గిన్నెలు తోమి గీతలరిగిపోయిన వేళ్ళని కూడా దొంగ వేళ్ళని తోసేస్తుంది. అలా తిప్పి పంపిన ప్రతి మనిషీ ఆ రోజు కూలి మానుకుని వచ్చిన మనిషి. వదులు చేస్తే దొంగ దూరతాడు. ఈ రెండు తప్పులూ ఎంత శాతం వస్తున్నాయో పరికరాల వారీగా కొలిచే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. మన మెషిన్లు ఆ కొలతలో ఎక్కడున్నాయో జనానికి అర్థమయ్యేలా బయట పెట్టాలి.

అన్నిటికంటే ఘోరం, ఏ లైవ్‌నెస్ చెక్కూ పట్టలేనిది ఒకటుంది. "ముద్ర సరిగా పడలేదు పిన్నీ, మళ్ళీ పెట్టు." మొదటిసారి అయిదు వందలు వస్తాయి, రెండోసారి పెట్టిన వేలుకి ఆపరేటర్ జేబులోకి అయిదు వేలు పోతాయి. వేలు నిజమైనదే, ప్రాణం ఉన్నదే. స్క్రీన్ మీద అంకె ఏముందో చదవలేని మనిషిది. ఆపరేటర్లని సరిగా విచారించి పెట్టుకోవాలని, వాళ్ళ లావాదేవీల మీద కన్నేసి ఉంచాలని రిజర్వ్ బ్యాంకు 2025 జూన్‌లో బ్యాంకులకు ఆదేశాలిచ్చింది, 2026 జనవరి 1 నుంచి అమలు అంది. ఇంత ఆలస్యం కావడమే దారుణం.

బయోమెట్రిక్‌కి తాళం వేసుకోమని సలహా ఇస్తారు. ఆధార్ యాప్‌లోనో, వెబ్‌సైట్‌లోనో వేయొచ్చు. వేస్తే మీ వేలితో ఎవరూ ఆధార్ లావాదేవీ చేయలేరు, దొంగతో పాటు మీరు కూడా. స్మార్ట్‌ఫోన్, ఆధార్‌కి కలిపిన నంబరు ఉన్నవాళ్ళు ఇవాళే వేసుకోండి. కానీ రేషన్‌కీ పింఛనుకీ వేలు పెట్టాల్సిన ముసలివాళ్ళు ప్రతిసారీ ఓటీపీతో తాళం తీయించుకోగలరా? రక్షణ ఎవరికి ఎక్కువ కావాలో వాళ్ళకే అందని సలహా ఇది. దీన్ని చెప్పేసి చేతులు దులుపుకోవడం బాధ్యత కాదు.

చేయాల్సినవాళ్ళు చేయాల్సినవి అంత కష్టమైనవీ కావు. నకలు ఇచ్చేటప్పుడు, వెబ్‌సైట్‌లో చూపేటప్పుడు ముద్రనీ ఆధార్ నంబరునీ నల్లగా కప్పాలి. భూమి కొనేవాడికి సర్వే నంబరు, హద్దులు, పేర్లు చాలు, మా పెద్దమ్మ బొటనవేలు అక్కర్లేదు. కప్పామని చెప్పే శాఖలు పాత దస్తావేజులన్నిటికీ కప్పారా, మీ-సేవలో ఇచ్చే నకళ్ళకీ కప్పారా అని చూసి చెప్పాలి. ఇప్పటికే జనం చేతుల్లోకి వెళ్ళిన కాపీలు ఎలాగూ వెనక్కి రావు. అందుకే బ్యాంకులు ఏఈపీఎస్‌ని ఖాతాదారు అడిగితేనే తెరవాలి. ఎన్నడూ వాడని ఖాతాలో అది ఎందుకు తెరిచి ఉండాలి? ఆపేయమంటే ఆ రోజే ఆపాలి.

ఇక మీలో ఎవరికైనా ఇలా జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయండి. మూడు పనిదినాల లోపు బ్యాంకుకి రాతపూర్వకంగా ఇచ్చి, తేదీతో రసీదు తీసుకోండి. రసీదు లేకుండా కదలొద్దు. ఆ డబ్బు ఏ ఊళ్ళో, ఏ ఆపరేటర్ మెషిన్ మీద తీశారో రాసివ్వమని అడగండి. "వేలు నీదే కదా" అంటే 2017 జులై 6 నాటి సర్క్యులర్‌తో వచ్చిన రిజర్వ్ బ్యాంకు నిబంధన చూపించండి. తప్పు బ్యాంకుదీ కాక, ఖాతాదారుదీ కాక మూడోవాడిదైతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లో చెప్పిన ఖాతాదారు మీద భారం పడకూడదని అందులో ఉంది. తప్పు ఖాతాదారుదని రుజువు చేయాల్సిన బాధ్యత బ్యాంకుదేనని కూడా అందులోనే ఉంది.